ల్యాప్‌టాప్ ఛార్జర్ పోయిందా? 19 వోల్ట్ అని రాసి ఉంటే సరిపోదు, కొనే ముందు ఇవి చూడండి

పోయిన నెల ఒక శుక్రవారం రాత్రి మా బాబాయ్ కొడుకు నుంచి మెసేజ్. "అన్నా, ఛార్జర్ ట్రైన్‌లోనే మర్చిపోయా. మంగళవారం ప్రాజెక్ట్ రివ్యూ. బ్యాటరీ 41 శాతం ఉంది." వాడి దగ్గరున్నది వాళ్ల అక్క 2016లో కొన్న ఏసర్ ఆస్పైర్ ల్యాప్‌టాప్. ప్రాజెక్ట్ కోడ్ మొత్తం అందులోనే ఉంది, బ్యాకప్ లేదు.

నేను చెప్పిన మొదటి మాట, ల్యాప్‌టాప్‌ని స్లీప్‌లో పెట్టకుండా పూర్తిగా షట్‌డౌన్ చెయ్యమని. స్లీప్‌లో ఉన్నా బ్యాటరీ కొంచెం కొంచెంగా తగ్గుతూనే ఉంటుంది. పాత బ్యాటరీ అయితే పొద్దున్నకి సగం కూడా మిగలకపోవచ్చు. రెండో మాట, హాస్టల్‌లో ఎవరి ఛార్జర్ పడితే వాళ్లది పెట్టి చూడొద్దని. వాడు అప్పటికే రెండు పెట్టి చూశాడు. అదృష్టం బాగుండి ఆ రెండూ అసలు దూరనే లేదు.

ఛార్జర్ పాడైతే పెద్ద సమస్య కాదు. దాని ఇటుక మీదున్న స్టిక్కర్‌ని ఫొటో తీసి అదే కొనుక్కోవచ్చు. ఛార్జర్ పోతే దాంతో పాటు ఆ స్టిక్కర్ కూడా పోతుంది. అప్పుడు కావలసిన వివరాలన్నీ ల్యాప్‌టాప్ దగ్గరి నుంచే రాబట్టాలి. మనకి కావలసినవి నాలుగు: వోల్టేజ్, పోలారిటీ, పిన్ సైజు, ఆంపియర్లు. మా తమ్ముడి విషయంలో మూడు ఈజీగానే దొరికాయి. ఇబ్బంది పెట్టింది పిన్ సైజు.

వివరాలు ఎక్కడ దొరుకుతాయి?

ల్యాప్‌టాప్‌ని తిప్పి అడుగు భాగం చూడండి. మోడల్ నంబర్, సీరియల్ నంబర్ ఉండే స్టిక్కర్ మీదే చాలా కంపెనీలు ఇన్‌పుట్ వివరాలు కూడా ముద్రిస్తాయి. కొన్నిటిలో స్టిక్కర్ బదులు ప్లాస్టిక్ మీదే చిన్న అక్షరాలతో ఉంటుంది. ఫోన్ టార్చ్‌ని పక్క నుంచి ఏటవాలుగా వేస్తే కనిపిస్తుంది. మా వాడు పంపిన ఫొటోలో 19 వోల్టులు, ఆ పక్కన పైన ఒక నిండు గీత, కింద మూడు చుక్కల గీతలు, తర్వాత 3.42 ఆంపియర్లు అని ఉంది. ఆ గీతల గుర్తుకి డీసీ కరెంట్ అని అర్థం.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. మా వాడు ఆ తర్వాత ఇంకో ఫొటో పంపాడు. "అన్నా, ఇక్కడ 14.8 వోల్ట్ అని ఉంది, ఏది కరెక్ట్?" అది బ్యాటరీ మీద ఉన్న స్టిక్కర్. బ్యాటరీ వోల్టేజ్ వేరు, ఛార్జర్ ఇవ్వాల్సిన వోల్టేజ్ వేరు. ఆ బ్యాటరీలో నాలుగు లిథియం సెల్స్ వరసగా ఉన్నాయి. ఒక్కోటి సగటున 3.7 వోల్టులు, అందుకే 14.8. కానీ ఫుల్ ఛార్జ్ అయ్యేసరికి ఒక్కో సెల్ 4.2 వోల్టులకి చేరుతుంది, అంటే మొత్తం 16.8. దాన్ని నింపాలంటే బయట నుంచి వచ్చే వోల్టేజ్ అంతకంటే పైన ఉండాలి. అందుకే ఛార్జర్ 19 వోల్టులు. బ్యాటరీ మీద అంకె చూసి 15 వోల్టుల అడాప్టర్ కొంటే ఛార్జింగ్ పూర్తవదు. చాలాసార్లు అసలు మొదలే కాదు.

స్టిక్కర్ అరిగిపోయి ఉంటే మోడల్ నంబర్ పట్టుకోవాలి. ల్యాప్‌టాప్ ఇంకా ఆన్ అవుతోందంటే విండోస్ కీ, R కలిపి నొక్కి ఇది టైప్ చెయ్యండి.

```
msinfo32
```

వచ్చే విండోలో System Model అనే వరస ఉంటుంది. అది రాసుకుని వెంటనే షట్‌డౌన్ చేసెయ్యండి. ఆ పేరుతో కంపెనీ సపోర్ట్ పేజీలో వెతికితే అడాప్టర్ వివరాలు దొరికే అవకాశం ఎక్కువ. షాపింగ్ సైట్లలో "ఈ ఛార్జర్ ఈ మోడల్స్‌కి సరిపోతుంది" అని వందల పేర్లతో ఇచ్చే జాబితాని మాత్రం ఒక్కదాన్నే నమ్మొద్దు. ఒకే మోడల్ పేరు కింద ప్రాసెసర్‌ని బట్టి 45 వాట్లవీ, 65 వాట్లవీ రెండూ ఉంటాయి.

వోల్టేజ్: అరవోల్టు తేడా పర్లేదు, ఐదు వోల్టులు కాదు

ల్యాప్‌టాప్ ఛార్జర్లలో మీకు ఎక్కువగా కనిపించే అంకెలు 18.5, 19, 19.5, 20. ఏసర్, ఆసుస్ మామూలు మోడల్స్ ఎక్కువగా 19. హెచ్‌పీ, డెల్ ఎక్కువగా 19.5. లెనోవో 20. గేమింగ్ ల్యాప్‌టాప్‌లకి ఇది వర్తించదు, వాటి లెక్క వాటిదే.

19 అని రాసి ఉన్న ల్యాప్‌టాప్‌కి 19.5 ఇస్తే తేడా మూడు శాతం కూడా లేదు. మంచి ఛార్జర్లోనే లోడ్‌ని బట్టి అంత తేడా వస్తుంది, కాబట్టి భయం లేదు. 20 అయితే ఐదు శాతం దాటింది. చాలా ల్యాప్‌టాప్‌లు దాన్ని కూడా తట్టుకుంటాయి, కానీ 19 వోల్టులది దొరుకుతున్నప్పుడు ఆ రిస్క్ ఎందుకు? నేనైతే పెట్టను.

అసలు ప్రమాదం ప్రింటర్ అడాప్టర్ లాంటి 24 వోల్టులవి పెట్టినప్పుడు. వాటిలో కొన్నిటి పిన్ ల్యాప్‌టాప్‌లో చక్కగా దూరుతుంది. 19 వోల్టుల కోసం తయారైన బోర్డులో ఇన్‌పుట్ దగ్గరుండే కెపాసిటర్లు చాలా వరకు 25 వోల్టుల రేటింగ్‌వి. పైగా ప్లగ్ గుచ్చిన క్షణంలో వోల్టేజ్ ఒక్కసారి పైకి ఎగిరి మళ్లీ దిగుతుంది. 24 నుంచి ఎగిరితే 25 దాటడం ఎంతసేపు. అలా ఇన్‌పుట్ భాగం షార్ట్ అయితే ఏ ఛార్జర్ పెట్టినా పనిచేయదు, బోర్డు రిపేర్‌కి వెళ్లాల్సిందే.

తక్కువ వోల్టేజ్ పెడితే ఇంత నష్టం ఉండదు. వైఫై రూటర్‌ది 12 వోల్టుల అడాప్టర్ పెడితే మామూలుగా ఏమీ జరగదు, ఛార్జింగ్ లైట్ కూడా వెలగదు. అందుకని ప్రయోగాలు చేయమని కాదు.

పోలారిటీ: చిన్న బొమ్మే, కానీ తిరగబడితే బోర్డు మీదకే

గుండ్రటి పిన్ ఉన్న ఛార్జర్‌లో కరెంట్‌కి రెండు దారులు. బయటి గొట్టం ఒకటి, లోపలి రంధ్రం ఒకటి. ఏది ప్లస్, ఏది మైనస్ అన్నదే పోలారిటీ. అడాప్టర్ స్టిక్కర్ మీద మధ్యలో ఒక చుక్క, దాని చుట్టూ సీ ఆకారంలో సగం వలయం, రెండు వైపులా ప్లస్, మైనస్ గుర్తులు ఉన్న చిన్న బొమ్మ ఉంటుంది. చుక్క నుంచి వచ్చే గీత ప్లస్ వైపు వెళ్తే లోపల ప్లస్, బయట మైనస్ అని అర్థం. ఈ రోజుల్లో మీ చేతికి వచ్చే గుండ్రటి పిన్ ల్యాప్‌టాప్ ఛార్జర్లన్నీ దాదాపు ఇలాంటివే.

మరి అన్నీ ఒకటే అయితే చూడటం ఎందుకంటారా? యూనివర్సల్ అడాప్టర్ల వల్ల. ఎనిమిదో పదో టిప్పులు ఇచ్చి, వోల్టేజ్ మార్చడానికి స్విచ్ పెట్టిన కిట్లు ఉంటాయి చూడండి, వాటిలో కొన్నిటికి టిప్పుని ఎటు తిప్పి అయినా గుచ్చొచ్చు. ఒకవైపు గుచ్చితే లోపల ప్లస్, ఇంకోవైపు గుచ్చితే లోపల మైనస్. టిప్పు మీద చిన్నగా గుర్తు ఉంటుంది కానీ కంగారులో ఉన్నోడికి అది కనపడదు. దానికి తోడు స్విచ్ పక్కకి జరిగితే 19 కాస్తా ఇంకో వోల్టేజ్ అవుతుంది. మన నాలుగు వివరాల్లో రెండిటిని చేత్తో తప్పు చేసే వీలు కల్పించే వస్తువు అది. నేను వాటిని ఎవరికీ సజెస్ట్ చేయను.

దగ్గర్లో మల్టీమీటర్ ఉంటే వోల్టేజ్, పోలారిటీ రెండూ ఒకే దెబ్బకి తేలిపోతాయి. ఎలక్ట్రానిక్స్ ల్యాబ్‌లో ఉండే పసుపు రంగు చవక మీటర్ చాలు. నాబ్‌ని డీసీ వోల్టేజ్ వైపు 200 గడిలో పెట్టండి. 20 గడిలో పెడితే 20 దాటిన వెంటనే తెర మీద ఎడమ పక్కన ఒక్క 1 అంకె మాత్రమే కనిపిస్తుంది. అది ఒక వోల్ట్ కాదు, కొలత పరిధి దాటిపోయిందని. ఎర్ర ప్రోబ్ మొనని పిన్ రంధ్రం లోపలికి, నల్ల ప్రోబ్‌ని బయటి గొట్టానికి ఆనించండి. 19.2, 19.4 ఇలా వస్తే వోల్టేజ్, పోలారిటీ రెండూ ఓకే. అంకె ముందు మైనస్ గుర్తు వస్తే పోలారిటీ తిరగబడిందన్నమాట, ఆ ఛార్జర్ పక్కన పెట్టెయ్యండి.

ఒక్క జాగ్రత్త. లోపల పెట్టిన ప్రోబ్ అంచుకి తగిలి రెండిటినీ కలిపేస్తే చిన్న నిప్పురవ్వ వచ్చి ఛార్జర్ ఆగిపోతుంది. చచ్చిపోయిందని కంగారు పడొద్దు. మంచి ఛార్జర్ తనంతట తానే షట్‌డౌన్ అవుతుంది. గోడ సాకెట్ నుంచి తీసి ఒక నిమిషం ఆగి పెడితే మళ్లీ వస్తుంది.

పిన్ సైజు: మా వాడు దాదాపు మోసపోయింది ఇక్కడే

శనివారం ఇద్దరం సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీకి వెళ్లాం. మొదటి షాప్‌లో వివరాలు చెప్పగానే ఒక ఛార్జర్ తీసి బల్ల మీద పెట్టాడు. 19 వోల్టులు, 3.42 ఆంపియర్లు. మా దగ్గరున్న అంకెలతో అచ్చుగుద్దినట్టు కలిశాయి. ల్యాప్‌టాప్‌లో గుచ్చితే గట్టిగానే కూర్చుంది. నారింజ రంగు ఛార్జింగ్ లైట్ వెలిగింది. "సేమ్ టు సేమ్ అన్నా, తీస్కోండి" అన్నాడు. మా తమ్ముడు అప్పటికే ఫోన్ తీసి స్కానర్ ఓపెన్ చేశాడు.

నేను ప్లగ్‌ని కొంచెం అటూ ఇటూ కదిపాను. లైట్ ఆరింది. మళ్లీ కదిపాను, వెలిగింది.

గుండ్రటి పిన్‌కి రెండు కొలతలు ఉంటాయి. బయటి గొట్టం మందం, లోపలి రంధ్రం మందం. అందుకే 5.5×2.5, 5.5×1.7, 4.0×1.35 ఇలా జంటగా చెప్తారు, అన్నీ మిల్లీమీటర్లలో. ఆసుస్ పాత ల్యాప్‌టాప్‌లు చాలా వాటికి 5.5×2.5. ఏసర్ పాత ల్యాప్‌టాప్‌లకి 5.5×1.7. రెండు బ్రాండ్లలోనూ 19 వోల్టులు, 3.42 ఆంపియర్ల ఛార్జర్లు ఉన్నాయి. బయటి మందం కూడా ఒకటే. తేడా ఒక్క లోపలి రంధ్రంలోనే, అదీ 0.8 మిల్లీమీటర్. షాప్‌లో మాకు ఇచ్చింది 5.5×2.5.

దీన్ని పట్టుకోవడం ఎందుకు కష్టమంటే, బయటి గొట్టం సరిగ్గా సరిపోతుంది కాబట్టి గుచ్చినప్పుడు చేతికి గట్టిగానే తగులుతుంది. లోపల మాత్రం ల్యాప్‌టాప్ వైపున్న సన్నటి పిన్ ఆ వెడల్పాటి రంధ్రంలో ఒక పక్కకి ఆనీ ఆనకుండా ఉంటుంది. కరెంట్ పోతుంది, లైట్ వెలుగుతుంది. కానీ ఆ తాకీ తాకని చోట రెసిస్టెన్స్ పెరుగుతుంది. అది అర ఓమ్ ఉందనుకుందాం, 3 ఆంపియర్లు పారుతున్నాయనుకుందాం. అక్కడ పుట్టే వేడి ఇదీ.

```
P = I² × R = 3 × 3 × 0.5 = 4.5 W
```

నాలుగున్నర వాట్లు వినడానికి చిన్నదే. కానీ అది ధనియం గింజంత చోటులో పుడుతోంది. కొన్ని రోజుల్లో జాక్ చుట్టూ ప్లాస్టిక్ మెత్తబడుతుంది, పిన్ నల్లబడుతుంది, రెసిస్టెన్స్ ఇంకా పెరుగుతుంది. చివరికి "ఒక యాంగిల్‌లో పట్టుకుంటేనే ఛార్జ్ అవుతోంది" అనే స్టేజ్‌కి వస్తుంది. ఆ మాట మీరు చాలామంది దగ్గర వినే ఉంటారు. అన్నిటికీ కారణం ఇదే కాదు, కేబుల్ లాగడం వల్ల కూడా జాక్ వదులవుతుంది. కానీ ఛార్జర్ మార్చిన తర్వాత మొదలైందంటే ముందు అనుమానించాల్సింది పిన్ సైజునే.

రివర్స్‌లో అయితే ఈ మోసం లేదు. 1.7 రంధ్రం ఉన్న ప్లగ్, 2.5 కోసం చేసిన జాక్‌లోకి దూరనే దూరదు. హాస్టల్‌లో మా వాడికి దూరని రెండు ఛార్జర్ల వల్ల నష్టం ఏమీ జరగలేదు. భయపడాల్సింది దూరిన దానికే.

మరి కొలిచేదెలా? వెర్నియర్ కాలిపర్ ఉంటే గొడవే లేదు. బయటి మందం మామూలు స్కేల్‌తో కూడా సుమారుగా తెలుస్తుంది. లోపలి రంధ్రానికి నేను వాడేది టూత్‌పిక్. మామూలు చెక్క టూత్‌పిక్ మధ్య భాగం దాదాపు 2 మిల్లీమీటర్లు ఉంటుంది. 2.5 రంధ్రంలో అది మధ్య దాకా దూరుతుంది. 1.7 లో మొన దగ్గరే ఆగిపోతుంది. ఛార్జర్ గోడకి పెట్టి లేనప్పుడు చెయ్యండి, విరిగి లోపల ఇరుక్కుంటే తీయడం నరకం కాబట్టి గట్టిగా నొక్కొద్దు. ఆ రోజు మాకు టూత్‌పిక్ పక్క టిఫిన్ సెంటర్‌లో దొరికింది. షాప్‌లో ఇచ్చిన ఛార్జర్లోకి అది హాయిగా దూరిపోయింది.

షాప్ అతన్ని తప్పు పట్టడానికి కూడా లేదు. ఆ స్టిక్కర్ మీద పిన్ సైజు రాసి లేదు. చాలా ఛార్జర్ల మీద ఉండదు. మీరు అడిగేటప్పుడే "ఏసర్ ఛార్జర్" అనకుండా "19 వోల్ట్, 3.42 ఆంప్స్, 5.5 బై 1.7 పిన్" అని అడగండి. ఏసర్‌లోనే కొత్త సన్నటి మోడల్స్ కొన్నిటికి 3.0×1.1 పిన్ వస్తుంది, కాబట్టి బ్రాండ్ పేరు చెప్పినా సరిపోదు.

ఆంపియర్లు: ఎక్కువ ఉంటే మంచిదే, తక్కువ ఉంటేనే తంటా

రెండో షాప్‌లో 5.5×1.7 పిన్ దొరికింది. కానీ దాని మీద 19 వోల్టులు, 4.74 ఆంపియర్లు అని ఉంది. "అన్నా, ఎక్కువ ఆంప్స్, ల్యాప్‌టాప్ కాలిపోతుందేమో" అని మా వాడి డౌట్. చాలామందికి ఉండే డౌటే ఇది.

ఇంట్లో గీజర్ కోసం 16 ఆంపియర్ల సాకెట్ ఉంటుంది. దానికి మీ ఫోన్ ఛార్జర్ పెట్టినంత మాత్రాన 16 ఆంపియర్లు ఫోన్‌లోకి దూసుకుపోవు కదా. సాకెట్ అంత ఇవ్వగలదు, ఫోన్ తనకి కావలసినంతే తీసుకుంటుంది. ల్యాప్‌టాప్ ఛార్జర్ మీద ఆంపియర్లు కూడా అంతే. వోల్టేజ్ ఛార్జర్ ఇచ్చేది, కరెంట్ ల్యాప్‌టాప్ తీసుకునేది. స్టిక్కర్ మీదున్నది గరిష్ఠంగా ఎంత ఇవ్వగలదన్న అంకె మాత్రమే.

```
W = V × A
19 × 3.42 = 64.98
19 × 4.74 = 90.06
```

అంటే 65 వాట్ల ఛార్జర్ ఉండాల్సిన చోట 90 వాట్లది వచ్చింది. ల్యాప్‌టాప్ తీసుకునేది మహా అయితే 65, కాబట్టి ఛార్జర్ సుఖంగా పనిచేస్తుంది, వేడి కూడా తక్కువే. సైజు, బరువు కొంచెం ఎక్కువ, అంతే.

తక్కువది పెడితే కథ మారుతుంది. అదే ఏసర్‌లో 19 వోల్టులు, 2.37 ఆంపియర్లు ఉన్న 45 వాట్ల ఛార్జర్ కూడా 5.5×1.7 పిన్‌తో వస్తుంది. మా వాడి ల్యాప్‌టాప్ లాంటి మామూలు రెండు దారుల జాక్ ఉన్నవాటికి, అవతల ఉన్నది ఎన్ని వాట్ల ఛార్జరో తెలుసుకునే మార్గం లేదు. అది తనకి కావలసినంత లాగుతుంది. షట్‌డౌన్‌లో పెట్టి ఛార్జ్ చేస్తే సరిపోవచ్చు. కానీ బ్యాటరీ ఖాళీగా ఉండి, పైన ఏదైనా బరువైన సాఫ్ట్‌వేర్ నడుస్తుంటే 45 చాలదు. మంచి ఛార్జర్ అయితే ఆగిపోయి మళ్లీ వస్తుంది. ఇటుక మీద లైట్ ఆరుతూ వెలుగుతూ ఉంటే ఓవర్‌లోడ్ అవుతోందని అనుమానించండి. నాసిరకంది అయితే ఆగదు, వేడెక్కుతూనే ఉంటుంది. అదే పెద్ద ప్రమాదం.

డెల్, హెచ్‌పీ వాళ్లకి ఇంకో పేచీ

పైన చెప్పినవన్నీ కలిసినా డెల్, హెచ్‌పీ ఛార్జర్లు కొన్నిసార్లు పనిచేయవు. వాటి ప్లగ్‌లోకి తొంగి చూస్తే మధ్యలో సూది లాంటి సన్నటి పిన్ ఉంటుంది. అది కరెంట్ కోసం కాదు. నేను ఎన్ని వాట్ల ఛార్జర్‌నో ల్యాప్‌టాప్‌కి చెప్పడానికి. వీటిలో ప్లస్ గొట్టం లోపలి గోడకి ఉంటుంది, మైనస్ బయటి గోడకి. మల్టీమీటర్‌తో చూసేటప్పుడు ఎర్ర ప్రోబ్‌ని మధ్య సూదికి కాకుండా లోపలి గోడకి ఆనించాలి.

డెల్ ల్యాప్‌టాప్‌కి ఆ సమాచారం అందకపోతే ఆన్ చేయగానే ఇలా కనిపిస్తుంది.

```
The AC power adapter wattage and type cannot be determined.
```

అప్పుడు ల్యాప్‌టాప్ నడుస్తుంది కానీ బ్యాటరీ ఛార్జ్ అవదు, ప్రాసెసర్ స్పీడ్ కూడా తగ్గించుకుంటుంది. రెండు కంపెనీల 4.5 మిల్లీమీటర్ల పిన్‌లు చూడటానికి కవల పిల్లల్లా ఉంటాయి, వోల్టేజ్ కూడా 19.5. అయినా ఒకదాని భాష ఇంకోదానికి అర్థం కాదు. ఈ బ్రాండ్లకి మాత్రం ఆ కంపెనీ కోసమే చేసిన ఛార్జర్ తీసుకోండి. లెనోవో దీర్ఘచతురస్రాకారపు పిన్‌లో కూడా ఇలాంటి మధ్య పిన్ ఉంటుంది.

మీది టైప్-సీ పోర్ట్‌తో ఛార్జ్ అయ్యే ల్యాప్‌టాప్ అయితే ఈ తలనొప్పి చాలా వరకు లేదు. పీడీ ఛార్జర్, ల్యాప్‌టాప్ ముందు మాట్లాడుకుని వోల్టేజ్ ఖరారు చేసుకుంటాయి. మీరు చూడాల్సింది వాట్లు సరిపోతున్నాయా, కేబుల్ కూడా అన్ని వాట్లకి పనికొస్తుందా అన్నదే. టైప్-సీ నుంచి గుండ్రటి పిన్‌కి మార్చే కేబుల్స్ కూడా మార్కెట్‌లో ఉన్నాయి. వాటిలో చాలా వరకు 20 వోల్టులు అడిగి తీసుకుంటాయి. 20 వోల్టుల ల్యాప్‌టాప్‌కి ఓకే గానీ, 19 దానికి రోజూ వాడాలంటే నాకు మనసొప్పదు.

చివరికి ఏది కొన్నాం

రెండో షాప్‌లోని 90 వాట్ల ఛార్జరే. డబ్బులు ఇచ్చే ముందు మూడు చూశాం. ప్లగ్‌ని గుండ్రంగా తిప్పినా, మెల్లగా కదిపినా ఛార్జింగ్ లైట్ ఆరలేదు. టూత్‌పిక్ దూరలేదు. షాప్ అతని మీటర్‌తో చూస్తే 19.3, మైనస్ గుర్తు లేదు.

నాలుగోది స్టిక్కర్ మీద బీఐఎస్ గుర్తు. ల్యాప్‌టాప్ అడాప్టర్లు మన దేశంలో అమ్మాలంటే బీఐఎస్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. గుర్తు కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబర్ ఉంటుంది. దాన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఏ తయారీదారు పేరు మీద ఉందో చూపిస్తుంది. మొదటి షాప్‌లో చూసిన వాటిలో ఒకదానికి గుర్తు ఉంది, నంబర్ లేదు. బ్రాండ్ పేరు పెద్దగా, ఈ నంబర్ లేకుండా ఉంటే అది ఒరిజినల్ కాదని అనుకోవడమే మేలు. చేత్తో పట్టుకుంటే మరీ తేలిగ్గా ఉన్న 90 వాట్లది కూడా నాకు అనుమానమే.

రూమ్‌కి వచ్చాక ముందు గోడ సాకెట్‌కి పెట్టి ఇటుక మీద లైట్ వెలిగాకే ల్యాప్‌టాప్‌కి పెట్టాం. మొదటి అరగంట పక్కనే కూర్చున్నాం. పది నిమిషాలకోసారి ప్లగ్ మొదట్లో వేలు పెట్టి చూడమన్నాను. ఇటుక వేడెక్కడం మామూలే. ప్లగ్, జాక్ కలిసే చోట మాత్రం వేలికి వేడి తెలియకూడదు. తెలిసిందంటే లోపల సరిగ్గా తాకడం లేదని, వెంటనే తీసెయ్యాలి. మాకు చల్లగానే ఉంది.

80 శాతం దాటాక మా వాడు చేసిన మొదటి పని ప్రాజెక్ట్ ఫోల్డర్‌ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయడం. రెండోది, కొత్త ఛార్జర్ స్టిక్కర్‌కి ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూప్‌లో పడేయడం. దాని కింద "5.5×1.7" అని కూడా రాశాడు.